అన్న దిద్దిన ఇంగ్లిష్, అవ్వ చెప్పిన మాట

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. ఎంఏ చరిత్ర చదువుతున్నాను. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం మీద రెండు వేల మాటల ఇంగ్లిష్ వ్యాసం ఇచ్చాను. "ఇది నువ్వు రాసింది కాదు, ఏఐ రాసింది, సాఫ్ట్‌వేర్ 68 శాతం చూపించింది" అన్నారు మా సార్. ఎలా రాశానో ఒక పేజీ ప్రాసెస్ స్టేట్‌మెంట్ రాసి సోమవారం లోపు వ్యాసానికి జతచేయమన్నారు. ఒట్టు, నేనే రాశాను. మొదట చదువే ఉద్యమానికి కారణం అనుకున్నా, మా అవ్వ చెప్పింది విన్నాక వ్యాసం మార్చుకున్నా. కానీ నా నోట్సు అంతా తెలుగులో ఉంది. కొన్ని చోట్ల గూగుల్ ట్రాన్స్‌లేట్ వాడాను. ఇంగ్లిష్ మా అన్న దిద్దాడు. ఒక పెద్ద భాగం ఫోన్లో టైప్ చేసుకుని గూగుల్ డాక్స్‌లో ఒకేసారి పేస్ట్ చేశాను. ఇవన్నీ చెప్తే ఇంకా ఇరుక్కుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. చెప్పాలా, వద్దా? అసలు ఏం రాయాలి?
— ఒక విద్యార్థిని, కావలి

జవాబు: అన్నీ చెప్పాలి అమ్మాయ్. ఎందుకో ముందు చెప్తాను, ఎలాగన్నది తర్వాత చూద్దాం.

మీ సార్ ఆ పేజీ చదివేటప్పుడు నువ్వు మంచిదానివా కాదా అని చూడరు. నువ్వు రాసిన ప్రతి మాటనూ దేనితోనైనా సరిచూడగలరా అని చూస్తారు. నువ్వు అన్న సంగతి దాచావనుకో, రేపు ఆయన నిన్ను కూర్చోబెట్టి ఓ నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయమంటే, వ్యాసంలో ఉన్న ఇంగ్లిష్‌కీ నీ చేతి ఇంగ్లిష్‌కీ తేడా తెలిసిపోతుంది. ఆ తేడాకు కారణం నీ పేజీలో లేకపోతే ఆయనే ఒక కారణం ఊహించుకుంటారు. ఆయన ఊహ ఏమిటో నీకు ముందే తెలుసు. అదే "వ్యాకరణం మా అన్న దిద్దాడు, దిద్దిన ఫైలు ఇదిగో" అని నువ్వే రాస్తే ఆ తేడా నీకు సాక్ష్యంగా మారుతుంది. ట్రాన్స్‌లేట్ సంగతీ, పేస్ట్ సంగతీ అంతే.

ఒక్కటి ముందు కనుక్కో. ఆ 68 శాతం దేనిది? ఏఐ రాసిందనే అనుమానానిదా, వేరే చోట ఉన్న రాతతో పోలిక శాతమా? ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు కాలేజీల్లో చాలామంది ఉన్నారు. పోలిక శాతమైతే రిపోర్టులో ఏ వాక్యం ఎక్కడిదో రంగువేసి చూపిస్తుంది, నువ్వు ఆ వాక్యాలకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల్లో ఆ లెక్క వేరే ఉంది. పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు, ఆధారం చూపిన ఉటంకింపులను లెక్కలోకి తీసుకోరు. నీ ఉత్తరాన్ని బట్టి నీది ఏఐ అనుమానమే అనుకుని రాస్తున్నాను.

ఇక పేజీ రాయడానికి ముందు చెయ్యాల్సినది, అంటే చెయ్యకూడనిది. ఆ గూగుల్ డాక్‌ను ముట్టుకోవద్దు. తప్పులు కనిపించినా దిద్దొద్దు, అక్షరాల సైజు మార్చొద్దు, నీట్‌గా ఉంటుందని ఇంకో ఫైల్లోకి కాపీ చెయ్యొద్దు. `Make a copy` కొడితే కొత్త ఫైలుకు పాత చరిత్ర రాదు. వర్డ్ ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకున్నా ఆ చరిత్ర వెంట రాదు. అసలు ఫైలు అలాగే ఉండాలి. అందులో `File > Version history > See version history` తెరిస్తే కుడివైపు తేదీలూ టైములూ వరుసగా కనిపిస్తాయి. తేదీ పక్కన చిన్న బాణం ఉంటే నొక్కు, ఆ రోజు జరిగిన మార్పులు విడివిడిగా తెరుచుకుంటాయి.

నోట్సు విషయంలో ఇంకో మాట. నీ తెలుగు నోట్సు గజిబిజిగా ఉంటుంది, కొట్టివేతలుంటాయి, పక్కన పాలవాడి లెక్క కూడా ఉండొచ్చు. దాన్ని శుభ్రంగా తిరగరాసి ఇవ్వాలనిపిస్తుంది. ఆ పని అస్సలు చెయ్యొద్దు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఒక కుర్రాడి ప్రాజెక్టు మీద ఇలాగే పేచీ వచ్చింది. నోట్సు తెమ్మంటే మర్నాడు తెచ్చాడు. ఐదు వేర్వేరు తేదీలు వేసి ఉన్నాయి, ఐదు రోజులూ ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే వాలు. ఒక్క కొట్టివేత లేదు. ముందురోజు రాత్రి కూచుని రాశాడని చూసిన వెంటనే తెలిసిపోయింది. ప్రాజెక్టు నిజంగా వాడిదేనని నాకు ఇప్పటికీ నమ్మకం. పాత చిత్తుకాగితాలు పారేశాడు, భయపడి కొత్తవి పుట్టించాడు. మేం కూర్చున్నది ప్రాజెక్టు గురించి, లేచేసరికి చర్చ దొంగ నోట్సు గురించి అయ్యింది. పోయిన కాగితానికి "ఇది నా దగ్గర లేదు" అని రాయడం ఒక్కటే దారి.

ఇప్పుడు పోగుచెయ్యడం. ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీసుకో: తేదీ, ఆ రోజు ఏం జరిగింది, అది ఎక్కడ కనిపిస్తుంది. మూడో గడి నింపలేకపోతే ఆ వరుస నీ పేజీలోకి ఎక్కకూడదు, ఎక్కినా "రికార్డు లేదు" అన్న మాటతో ఎక్కాలి. తేదీలను జ్ఞాపకం మీద వెయ్యొద్దు. "అవ్వతో పండక్కి మాట్లాడాను" అని నీకు గుర్తుంటుంది, సంక్రాంతి అని రాసేస్తావు. ఫోన్లో రికార్డింగ్ ఫైలు చూస్తే ముక్కనుమ నాటిది అని ఉంటుంది. రెండు రోజుల తేడాకు ఏమవుతుందిలే అనుకోవద్దు. ఆ రికార్డింగ్ ఒక్కటే ఆయన చూస్తే, నీ పేజీలో మొదటి తేదీయే తప్పు. వాట్సాప్‌లో అన్నతో మాట్లాడిన మెసేజీలు, పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ అయిన రోజు, లైబ్రరీ చీటీ, నోట్‌బుక్ పేజీలు, అన్నీ చూసుకో. క్రోమ్‌లో వెతికిన చరిత్ర 90 రోజుల దాకానే ఉంటుంది, కాబట్టి అది ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకో. ట్రాన్స్‌లేట్ యాప్‌లో `History` తెరిచి చూడు, నువ్వు చెరిపేసి ఉండకపోతే అడిగిన వాక్యాలు అక్కడ ఉండొచ్చు.

నోట్‌బుక్ ఫొటోలు సార్‌కు వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే అది తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి. అన్నిటికంటే మంచిది నోట్‌బుక్కే చేతిలో పట్టుకెళ్ళడం.

ఇక అసలు పేజీ. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. "నేను అనేక గ్రంథాలు పరిశీలించి, లోతుగా అధ్యయనం చేసి, స్వయంగా రచించితిని" అని రాసి సంతకం పెడతారు. అది ఎవరి వ్యాసానికైనా అతుకుతుంది, అందుకే ఏ వ్యాసానికీ పనికిరాదు. నీ చేతిలో అంతకంటే బలమైనది ఒకటుంది, నీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి దాటేశావు. నీ వాదన మధ్యలో మారింది. ఎవరితోనో రాయించుకున్నవాళ్ళ దగ్గర ముగింపు ఉంటుంది, కానీ ఎక్కడ తప్పుగా మొదలుపెట్టారో ఉండదు. బట్ట కుట్టినవాడి దగ్గర కత్తిరింపు పీలికలు ఉంటాయి, కొనుక్కొచ్చినవాడి దగ్గర ఉండవు. నీ పేజీలో సగానికి పైగా చోటు ఈ ఒక్క మలుపుకు ఇవ్వు.

మీ అవ్వ నీతో ఏమందో నాకు తెలియదు కనుక ఊహించి చెప్తున్నాను, తేదీలు కూడా ఊహించినవే. నీవి నువ్వు వేసుకో.

దూబగుంట కథ మన జిల్లాలో అందరూ ఒకే రకంగా చెప్తారు. కలిగిరి మండలంలో పల్లె, రాత్రి బడి, అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ, అది చదివిన ఆడవాళ్ళు రోశమ్మ వెంట సారా కొట్టు మీదికి వెళ్ళడం, 1992లో జిల్లా అంతటా సారా వేలంపాటలకు అడ్డం పడటం, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించడం. నువ్వు కూడా మొదట ఇదే వరుసలో, "చదువు వచ్చింది, అందుకని ఉద్యమం వచ్చింది" అని రాసుకుని ఉంటావు. తర్వాత అవ్వ "మాకు సంతకం తప్ప ఏం వచ్చే? పాఠమెవరికి గుర్తుంది, పొద్దుగూకినాక ఆడోళ్ళమంతా ఒకచోట కూచునేవాళ్ళం, అది గుర్తుంది. మొగుడి కూలంతా ప్యాకెట్లకే పోతా ఉండెనే అని అక్కడే అనుకున్నాం" అని ఉంటుంది. అక్కడ నీ వాదన చీలింది. బడి ముఖ్యమే, కానీ అక్షరాల వల్ల కాదు, ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి అది ఒక చోటయినందువల్ల అని. ఇది మామూలు మార్పు కాదు, వ్యాసానికి వెన్నెముకే మారిపోయింది. అలాంటి మార్పు చిత్తుప్రతుల్లో తప్పకుండా గుర్తు వదులుతుంది: ఒక పేరా పోయి ఉంటుంది, శీర్షిక మారి ఉంటుంది, రెండో పేరాలో ఉన్న సంగతి ఐదో పేరాలోకి జరిగి ఉంటుంది. వెర్షన్ హిస్టరీలో ఆ చోటు వెతికి పట్టుకో. దాన్నే అనుబంధంగా పెట్టు.

వాడకుండా వదిలేసిన సరుకు కూడా ఒకటి చెప్పు. ఏదో పత్రికలో వచ్చిన వ్యాసంలో ఊరేగింపుకు వేలమంది వచ్చారని చదివావు, ఆధారం దొరక్క వదిలేశావు అనుకో, ఆ ఒక్క వాక్యం బరువు నువ్వనుకున్నదానికంటే ఎక్కువ. కానీ నిజంగా వదిలేసిందే చెప్పాలి, బరువు కోసం పుట్టించొద్దు.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే మూడు సంగతులకు వస్తాను.

మొదట అన్న. "అన్న సాయం చేశాడు" అంటే సరిపోదు, ఎంత చేశాడో కొలిచి చెప్పాలి. నువ్వు పంపిన ఫైలు, అన్న దిద్ది తిరిగి పంపిన ఫైలు, రెండూ వాట్సాప్‌లోనో మెయిల్లోనో ఉంటాయి కదా. వర్డ్‌లో `Review > Compare` కు వెళ్ళి రెండూ ఇస్తే, తీసేసినదీ చేర్చినదీ రంగుల్లో చూపిస్తుంది. గూగుల్ డాక్స్‌లోనైతే `Tools > Compare documents`. ఆ ప్రింటు చూస్తే నీకే తెలుస్తుంది, అన్న కాలాలు సరిచేశాడా, వాక్యాలే మార్చాడా అని. ఆర్టికల్స్, క్రియారూపాలు దిద్దిన చోట్లు ఎక్కువైతే అలా రాయి. రెండు పేరాల్లో వాక్యాలు పూర్తిగా తిరగరాశాడని తేలితే ఆ రెండు పేరాల నంబర్లు రాయి. కొంచెం ఎక్కువే దిద్దాడని తేలినా ఆ ప్రింటు దాచొద్దు. ఆలోచన నీదైనప్పుడు వాక్యం అన్నదని తేలడం చిన్న తప్పు. మీ క్లాసు నియమాల్లో బయటివాళ్ళ దిద్దుబాటు కూడదని ఉంటే అది తప్పే, ఆ పేరాలు నీ ఇంగ్లిష్‌లో మళ్ళీ రాసిస్తానని అడుగు. దానికీ "వ్యాసమే రాయించుకుంది" అన్నదానికీ చాలా దూరం ఉంది.

రెండోది ట్రాన్స్‌లేట్. నీ శాతం అంత పెరగడానికి ఇదే పెద్ద కారణమై ఉండొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్లు చాలావరకు చూసేది ఒక మాట తర్వాత వచ్చే మాట ఎంత ఊహకు అందేలా ఉందనే. మెషిన్ అనువాదం చాలాసార్లు అందరూ వాడే మాటనే ఎంచుకుంటుంది. ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ళూ అంతే, తెలిసిన మాటల్లోనే రాస్తారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాసినవని తేల్చాయి. ఆ ఏడాది జులైలోనే ఓపెన్‌ఏఐ తాను తయారుచేసిన ఇలాంటి పరికరాన్ని సరిగా పట్టుకోలేకపోతోందని తీసేసింది. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకో, సార్ ఎదురుగా అడిగితే మర్యాదగా చెప్పు. పేజీలో మాత్రం ఎక్కించొద్దు. ఎక్కిస్తే నీ పేజీ సాఫ్ట్‌వేర్ మీద వాదన అయిపోతుంది, నీ వ్యాసం సంగతి పక్కకు పోతుంది.

పేజీలో రాయాల్సింది ఏ పేరాల్లో అనువాదం వాడావు, ఎలా వాడావు అన్నదే. ఒక్క వాక్యాన్ని మూడు మెట్లలో చూపించు: నోట్‌బుక్‌లో నీ తెలుగు వాక్యం, యాప్ ఇచ్చిన ఇంగ్లిష్, చివరికి వ్యాసంలో ఉన్నది. తెలుగు వాక్యం నీ చేతిరాతలో ఉంటే ఆ ఆలోచన ఎవరిదన్న ప్రశ్న ఆ వాక్యం దగ్గర ఆగిపోతుంది. యాప్ తప్పుగా తిప్పిన వాక్యం దొరికితే ఇంకా మేలు. "కూలి" అన్నది "కూలిపోవడం" అయ్యుండొచ్చు, నువ్వు చూసి సరిచేసి ఉంటావు. అలాంటిదొకటి ఉంటే దాన్నే ఎంచుకో.

మూడోది పేస్ట్. హిస్టరీలో ఆరు వందల మాటలు ఒక్క నిమిషంలో ఊడిపడితే ఎవరికైనా అనుమానమే. ఆయన దాన్ని కనిపెట్టకముందే నువ్వు చూపించు: "ఫలానా తేదీ రాత్రి ఫలానా టైముకు పెద్ద భాగం ఒకేసారి చేరినట్టు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ లేక అంతకుముందు రెండు రోజులు ఫోన్లో నోట్స్ యాప్‌లో టైప్ చేశాను, ఆ నోట్ ఇప్పటికీ ఫోన్లో ఉంది" అని. నోట్ ఉంటే ఫోన్ పట్టుకెళ్ళి చూపించు. చెరిపేసి ఉంటే చెరిపేశానని రాయి. పేస్ట్ అయ్యాక ఆ భాగంలో ఎన్ని మార్పులు చేశావో కూడా చూడు. దాన్ని మూడు రోజులపాటు కొట్టి, కలిపి, తిరగేసి ఉంటే ఆ మార్పులే నీ చెయ్యి పనిచేసిందని చెప్తాయి.

ఏ భాషలో రాయాలి? సార్ తెలుగు ఒప్పుకుంటే తెలుగులో హాయిగా రాయి. ఇంగ్లిష్‌లోనే కావాలంటే నీకొచ్చిన ఇంగ్లిష్‌లో రాయి, ఈ ఒక్క పేజీ అన్నకు చూపించొద్దు, యాప్‌కూ ఇవ్వొద్దు. అందులో తప్పులుంటే ఉండనీ. నీ సొంత ఇంగ్లిష్ ఎలా ఉంటుందో ఆయన చూడాల్సిన కాగితం ఇదే. అది మెరిసిపోతూ ఉంటే "అన్న దిద్దాడు" అని నువ్వు రాసిందానికే అర్థం లేకుండా పోతుంది.

పొడుగు ఒక పేజీ దాటొద్దు. అనుబంధాలు ఐదుకు మించొద్దు, ప్రతిదానికీ నంబరు వెయ్యి, పేజీలో ఆ మాట వచ్చిన చోటే ఆ నంబరు రాయి. నలభై స్క్రీన్‌షాట్లు కుట్టి ఇచ్చేవాళ్ళను చూశాను, ఎవరూ తిప్పి చూడరు, పైగా ఏదో దాస్తున్నారేమో అనిపిస్తుంది.

నమూనా ఒకటి రాసిస్తున్నాను. దీన్ని ఎత్తి రాయొద్దు సుమా, మళ్ళీ ఇంకో పేచీ.

"ఈ వ్యాసం జనవరి 9న మొదలుపెట్టాను. ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువు నేర్చుకోవడం వల్లే సారా ఉద్యమం పుట్టిందని రాయాలనుకున్నాను. నోట్‌బుక్ 3వ పేజీలో 'చదువు తెచ్చిన ఉద్యమం' అన్న మొదటి శీర్షిక ఉంది (అనుబంధం 1).

జనవరి 16న మా అవ్వతో సుమారు 40 నిమిషాలు మాట్లాడి ఫోన్లో రికార్డు చేశాను. ఉద్యమం నాటికి తనకు సంతకం మాత్రమే వచ్చని, బడి అంటే ఆడవాళ్ళం కలిసి కూర్చునే చోటుగా గుర్తుందని అవ్వ చెప్పింది. ఒక్కరి మాట మీద వాదన మార్చకూడదని, 1993లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన అన్వేషి మహిళా అధ్యయన సంస్థ వ్యాసం జనవరి 20న చదివాను, నోట్సు 7, 8 పేజీల్లో ఉంది (అనుబంధం 2). జనవరి 22న మొదటి చిత్తులోని రెండో పేరా తీసేశాను, శీర్షిక మార్చాను. వెర్షన్ హిస్టరీలో ఆ మార్పు కనిపిస్తుంది (అనుబంధం 3). ఇప్పుడు వ్యాసంలో 4, 5 పేరాలు ఈ మార్పు తర్వాత రాసినవి. ఊరేగింపులో ఎంతమంది ఉన్నారన్న లెక్కకు ఆధారం దొరకలేదు, అది వదిలేశాను.

జనవరి 25 రాత్రి 10.40కి 4 నుంచి 6 పేరాలు ఒకేసారి చేరినట్టు కనిపిస్తుంది. వాటిని 23, 24 తేదీల్లో ఫోన్లో టైప్ చేశాను, ఆ నోట్ చూపించగలను. 4, 6 పేరాల్లో కొన్ని వాక్యాలు తెలుగులో రాసుకుని గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో ఇంగ్లిష్‌లోకి తెచ్చి దిద్దుకున్నాను, ఒక వాక్యం మూడు దశల్లో జతచేశాను (అనుబంధం 4). జనవరి 28న మా అన్న వ్యాసం అంతా చదివి వ్యాకరణం దిద్దాడు. ముగింపు పేరాలో మూడు వాక్యాలు తిరగరాశాడు (అనుబంధం 5). ముందే చెప్పకపోవడం నా పొరపాటు. వ్యాసం రాయడానికి ఏఐ వాడలేదు. మొదటి రోజు రాసుకున్న విడికాగితాలు నా దగ్గర లేవు."

చూశావా, "నిజాయితీగా" అన్న మాట ఒక్కచోటా లేదు. "ఏఐ వాడలేదు" అన్నది కూడా ఒక్కసారే, చివర్లో, మిగతా వాక్యాల్లో ఒకటిగా వచ్చింది. ఆ వాక్యం నీ విషయంలో అక్షరాలా నిజమైతేనే రాయి. ఎక్కడైనా ఒక పేరాకు చాట్‌బాట్‌ను అడిగి ఉంటే ఏ పేరాకో రాయి.

వెర్షన్ హిస్టరీని సార్‌కు ఎలా చూపించాలన్నది ఇంకో చిక్కు. లింకు పంపి చూడటానికి మాత్రమే అనుమతి ఇస్తే ఆయనకు ఆ హిస్టరీ తెరుచుకోదు, ఎడిటర్‌గా ఇస్తేనే కనిపిస్తుంది. ఎడిటర్‌గా ఇస్తే ఎవరి చెయ్యి తగిలినా కొత్త మార్పులు పడతాయి. అందుకని తేదీ కనిపించేలా రెండు మూడు స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి జతచేసి, "ల్యాప్‌టాప్ తెచ్చి మీ ఎదుటే తెరుస్తాను" అని పేజీ కింద ఒక వాక్యం రాయి. అవ్వ రికార్డింగ్ మాత్రం ఎవరికీ పంపొద్దు. అందులో ఊళ్ళో పేర్లు ఉంటాయి, ఎవరి మొగుడు ఎంత తాగేవాడో ఉంటుంది. కావాలంటే సార్ ఎదురుగా రెండు నిమిషాలు వినిపించు, అది కూడా అవ్వను అడిగాకే.

పేజీ ఇచ్చాక ఆయన పిలిచి వ్యాసంలో ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అంటారు. ఆదివారం సాయంత్రం వ్యాసం ప్రింటు తీసి, ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో అది ఎక్కడిదో రాసుకో: అవ్వ, నోట్‌బుక్ 7, అన్వేషి వ్యాసం, నా ఊహ. "నా ఊహ" అని రాయాల్సి వస్తే అదే రాయి. జవాబు దొరకని వాక్యం ఏదైనా ఉంటే అది అన్న రాసిందో యాప్ ఇచ్చిందో అయ్యుంటుంది. అది నీ పేజీలో ఉందో లేదో అప్పుడే చూసుకో, లేకపోతే చేర్చు.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్ళు. ఒకటి సార్‌కిచ్చి, రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకుని నీ దగ్గర ఉంచుకో.